ఇద్దరు సార్లు, ఒక స్లాబ్: ఎవరి మాట వినాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. సివిల్ డిప్లొమా చేసి హనుమకొండలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. చేరి ఏడాది కూడా కాలేదు. రెండో స్లాబ్ డిసెంబర్ 3న పోశాం. 12వ తారీఖున సెంట్రింగ్ విప్పించి పైకి ఎక్కించమని ప్రాజెక్ట్ మేనేజర్ సార్ చెప్పారు. సీనియర్ ఇంజినీర్ సార్ మాత్రం 14 రోజులు నిండేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు. హాల్ వెడల్పు 16 అడుగులు, బెడ్‌రూములు 11 అడుగులు, ముందు వైపు ఒక బీమ్ 21 అడుగులు. సిమెంట్ పీపీసీ. ఇద్దరూ నాకే ఫోన్ చేస్తారు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకోరు. సెంట్రింగ్ గ్యాంగ్ ఎనిమిది మంది ఖాళీగా కూర్చుంటున్నారు. ఎవరి మాట విన్నా రెండో ఆయన "నేను చెప్పింది లెక్క లేదా" అంటారు. టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టడం లేదు. మూడో స్లాబ్‌కి మళ్లీ ఇదే గొడవ వస్తుందని భయం. ఏం చేయాలి?
— ఒక సైట్ సూపర్‌వైజర్, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, ఇది అచ్చయ్యేసరికి నీ రెండో స్లాబ్ సంగతి ఎలాగోలా తేలిపోయి ఉంటుంది. అయినా ఆ స్లాబ్ పట్టుకునే చెప్తాను. ఎందుకంటే నీ గొడవంతా అందులోనే ఉంది, మూడో స్లాబ్‌కి కావాల్సింది కూడా అందులోనే దొరుకుతుంది.

ముందు ఒక్క మాట దగ్గర ఆగుదాం. "సెంట్రింగ్ విప్పడం" అని నువ్వు రాశావు. మీ సార్లు కూడా అదే మాట వాడి ఉంటారు. సైట్‌లో ఆ ఒక్క మాట కింద రెండు వేరు వేరు పనులున్నాయి. ఒకటి, స్లాబ్ అడుగున పరిచిన షీట్లు తీయడం. రెండోది, స్లాబ్‌ని మోస్తున్న జాకీలు తీయడం. షీట్లు తీసిన చోట వెంటనే జాకీ మళ్లీ బిగిస్తే స్లాబ్‌కి ఆసరా పోదు. జాకీలు కూడా తీసేస్తే స్లాబ్ తన బరువు తానే మోసుకోవాలి. మేనేజర్‌కి పై అంతస్తు పని మొదలుపెట్టడానికి కావాల్సింది ముఖ్యంగా షీట్లు. ఇంజినీర్ సార్ భయమంతా జాకీల గురించి. నాకు అర్థమైనంత వరకు మీ సార్లిద్దరూ ఒకే మాట అంటూ రెండు వేరే పనుల గురించి మాట్లాడుతున్నారు. మధ్యలో నీకు అది ఒకే పనిలా వినిపించి, రెండు ఆర్డర్లు ఢీకొట్టినట్టు అనిపించింది.

అందుకే ఎవరి మాట వినాలి అని ఆలోచించే ముందు, ఎవరికి ఏం కావాలో తెలుసుకో. మేనేజర్ దగ్గరికి వెళ్లి, "సార్, 12న ముందుగా ఏం కావాలి? షీట్లా, జాకీలా, రెండూనా? ఎన్ని కావాలి?" అని అడుగు. ఇంజినీర్ సార్‌ని, "సార్, 14 రోజులన్నది అన్ని గదులకా, హాల్‌కా, బీమ్‌లకా?" అని అడుగు. ఇద్దరినీ విడివిడిగా, ఎదురుగా నిలబడి అడుగు. ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో అడిగితే "చెప్పింది చెయ్" అనేస్తారు. స్లాబ్ కింద నిలబడి, పైకి చూపిస్తూ అడిగితే ఎంత కోపిష్టి మనిషైనా వివరంగా చెప్తాడు. అడిగేటప్పుడు రెండో ఆయన పేరు ఎత్తకు. "ఆయన అట్లన్నారు, మీరు ఇట్లంటున్నారు" అన్నావా, ఆ క్షణం నుంచి స్లాబ్ సంగతి పక్కకు పోయి వాళ్లిద్దరి పంతం మొదలవుతుంది.

ఇక తారీఖులు చూద్దాం. మన దేశంలో కాంక్రీట్ పనికి ఐఎస్ 456 అనే కోడ్ ఉంది. నీ డిప్లొమాలో చదివే ఉంటావు. ఏ భాగానికి ఎన్ని రోజులు ఆసరా ఉంచాలో అందులో ఉంది. కాలమ్‌ల చుట్టూ, బీమ్‌ల పక్కల కట్టిన నిలువు షట్టర్లు 16 నుంచి 24 గంటలకు తీయవచ్చు. స్లాబ్ అడుగు షీట్లు 3 రోజులకు, బీమ్ అడుగు షీట్లు 7 రోజులకు తీయవచ్చు, కానీ తీసిన వెంటనే జాకీ మళ్లీ బిగించాలన్న షరతు మీద. జాకీల లెక్క వేరు. స్లాబ్ 4.5 మీటర్ల లోపు ఉంటే 7 రోజులు, దాటితే 14 రోజులు. బీమ్ 6 మీటర్ల లోపు ఉంటే 14 రోజులు, దాటితే 21 రోజులు.

ఇప్పుడు నీ స్లాబ్‌కి ఇది వేసి చూడు. 11 అడుగుల బెడ్‌రూమ్ అంటే సుమారు 3.35 మీటర్లు. కోడ్ ప్రకారం దాని జాకీలు 10వ తారీఖుకే తీయవచ్చు. హాల్ 16 అడుగులు, అంటే 4.9 మీటర్లకు కొంచెం తక్కువ. 4.5 దాటింది కాబట్టి 17వ తారీఖు దాకా జాకీలు ఉండాలి. ముందు వైపు 21 అడుగుల బీమ్ 6.4 మీటర్లు. దాని కింద జాకీలు 24వ తారీఖు దాకా కదలకూడదు. చూశావా, మేనేజర్ చెప్పిన 12వ తారీఖు బెడ్‌రూములకు సరిపోతుంది కానీ హాల్‌కి సరిపోదు. ఇంజినీర్ చెప్పిన 14 రోజులు హాల్‌కి సరిపోతాయి కానీ ముందు బీమ్‌కి చాలవు. నువ్వు ఎవరో ఒకరి మాట గుడ్డిగా విన్నా, ఎక్కడో ఒక చోట తప్పు జరిగేది.

ఇంకొక మెలిక ఉంది, దాన్ని వదలొద్దు. కోడ్‌లోని ఆ రోజులు ఓపీసీ సిమెంట్‌కి, అదీ వాతావరణం 15 డిగ్రీల కంటే చల్లబడనప్పుడు. మీరు వాడింది పీపీసీ. అందులో బూడిద కలిసి ఉంటుంది కాబట్టి మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. పైగా డిసెంబర్ చివర్లో మన వైపు రాత్రుళ్లు 15 డిగ్రీల కిందికి దిగడం కొత్తేమీ కాదు. అప్పుడు రోజులు పెంచుకోవాలి. ఎన్ని పెంచాలన్నది నువ్వూ నేనూ చెప్పేది కాదు, స్ట్రక్చరల్ డిజైన్ చేసిన కన్సల్టెంట్ చెప్పాలి. స్లాబ్ పోసిన రోజు క్యూబ్‌లు పోసి ఉంటే వాటి 7 రోజుల రిజల్ట్ చూసి ఆయన గట్టిగా చెప్పగలరు. క్యూబ్‌లు పోయలేదా, అయితే మూడో స్లాబ్‌కి తప్పకుండా పోయించు. ఇద్దరు సార్లు వాదించుకునే చోట ల్యాబ్ కాగితం ఉంటే వాదన సగం తగ్గిపోతుంది.

అసలు ఈ విషయంలో చివరి మాట ఎవరిది? జీతం ఇచ్చే ఆయనదా, హోదాలో పెద్ద ఆయనదా అని నువ్వు తల బద్దలుకొట్టుకుంటున్నావు. ఏ రోజు ఏ పని చేయాలి, ఎంత మందిని పెట్టాలి, సామాను ఎక్కడి నుంచి తేవాలి అన్నది మేనేజర్ మాట. కట్టడం నిలబడుతుందా లేదా అన్న చోట ఆయన మాట చెల్లదు. అక్కడ డ్రాయింగ్ మాట చెల్లుతుంది. మీ సైట్ ఆఫీసులో స్ట్రక్చరల్ డ్రాయింగ్ తీసి, మొదటి షీట్‌లో ఒక పక్కన చిన్న అక్షరాల్లో ఉండే జనరల్ నోట్స్ చదువు. చాలా మంది కన్సల్టెంట్లు సెంట్రింగ్ ఎన్ని రోజులకు తీయాలో అక్కడే రాస్తారు. రాసి ఉంటే మీ ఇద్దరు సార్ల కంటే ఆ కాగితం పెద్దది. రాసి లేకపోతే ఆ ప్రశ్న కన్సల్టెంట్‌కి వెళ్లాలి. వెళ్లాల్సింది మీ ఇంజినీర్ సార్ ద్వారా. నువ్వు నేరుగా ఫోన్ చేస్తే, తనను దాటి వెళ్లావని ఆయన బాధపడతారు. ఆ బాధ న్యాయమే.

ఇంత తెలుసుకున్నాక రాయడానికి కూర్చో. ఇద్దరికీ ఒకే మెసేజ్, ఒకేసారి వెళ్లాలి. ఇద్దరూ ఉన్న వాట్సాప్ గ్రూప్ ఉంటే అందులో పెట్టు, లేకపోతే ముగ్గురితో ఒకటి తెరువు. పెట్టే ముందు ఇద్దరికీ ఒక మాట చెప్పు: "సార్, తారీఖులు నోటి మీద కాకుండా రాసుకుందామని గ్రూప్‌లో పెడుతున్నా." ముందు చెప్తే ఫిర్యాదులా అనిపించదు. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే సార్. రెండో స్లాబ్ డిసెంబర్ 3న పోశాం, పీపీసీ. మూడో స్లాబ్ సెంట్రింగ్ మొదలవడానికి 12న షీట్లు కావాలి. జాకీల విషయంలో: బెడ్‌రూములు 11 అడుగులు, హాల్ 16, ముందు బీమ్ 21. ఐఎస్ 456 ప్రకారం జాకీలకు బెడ్‌రూములు 10వ తారీఖు, హాల్ 17, మామూలు బీమ్‌లు 17, ముందు బీమ్ 24 అవుతున్నాయి. పీపీసీ, చలి వల్ల ఎన్ని రోజులు కలపాలో కన్సల్టెంట్ గారిని అడిగి చెప్పగలరు. 12న షీట్లు మాత్రం ఒక్కో గది చొప్పున తీసి, వెంటనే జాకీలు బిగించవచ్చా? అలా అయితే పైకి వేరే జాకీలు కిరాయికి తేవాలి. రేపు సాయంత్రం 5 లోపు ఇద్దరూ ఓకే అంటే ఎల్లుండి పొద్దున మొదలుపెడతాను. అప్పటి దాకా సెంట్రింగ్ అలాగే ఉంచుతున్నాను."

ఇందులో ఏముందో చూడు. ఎవరు ఏమన్నారో లేదు. ఎవరిది తప్పో లేదు. స్లాబ్ ఉంది, తారీఖులు ఉన్నాయి, ఇద్దరికీ కావాల్సింది దొరికే ఒక దారి ఉంది. ఆ దారి నిర్ణయంగా కాకుండా ప్రశ్నగా ఉంది, ఎందుకంటే నిర్ణయం నీది కాదు. ఎప్పటిలోగా జవాబు కావాలో ఉంది. అన్నింటికంటే ముఖ్యం చివరి వాక్యం. జవాబు రాకపోతే ఏం జరుగుతుందో నువ్వు ముందే చెప్పావు. తర్వాత "మాకు తెలియదు" అనే వీలు ఎవరికీ ఉండదు.

ఆ చివరి వాక్యం నీ ఇష్టం వచ్చినట్టు రాయకూడదు. రెండు ఆర్డర్లు ఎదురెదురుగా ఉన్నప్పుడు, జవాబు వచ్చేదాకా, వెనక్కి తీసుకోగలిగిన పనే చెయ్యి. జాకీ ఇంకో రెండు రోజులు ఉంటే పోయేది కిరాయి, కూలి. అది పోయినా మళ్లీ సంపాదించుకోవచ్చు. జాకీ తీశాక స్లాబ్ వంగినా, పగిలినా మళ్లీ జాకీ పెట్టి దాన్ని వెనక్కి తేలేవు. అందుకే ఈ విషయంలో ఆగడమే సరైంది. ఇంజినీర్ చెప్పాడని కాదు, ఆగితే పోయేది తక్కువని.

అయితే ఆగడమంటే గ్యాంగ్‌ని కూర్చోబెట్టడం కాదు. మేనేజర్ కోపం అసలు అక్కడి నుంచే వస్తుంది. ఎనిమిది మంది కూలి రోజూ ఆయన లెక్కలో పడుతుంది, పైన ఓనర్‌కి జవాబు చెప్పేది కూడా ఆయనే. మెసేజ్ పెట్టిన పొద్దున్నే సెంట్రింగ్ మేస్త్రీని పిలిచి కూర్చో. ఎవరూ కాదనని పనులు చాలా ఉంటాయి. బీమ్‌ల పక్క షట్టర్లు ఇంకా ఉంటే అవి తీయవచ్చు. పై అంతస్తు కాలమ్‌లకు షట్టర్లు కట్టవచ్చు. తీసిన షీట్లకు అంటిన కాంక్రీట్ గీకి ఆయిల్ రాయవచ్చు. ఇద్దరిని మెట్ల వైపు పంపవచ్చు. సాయంత్రం మేనేజర్‌కి "గ్యాంగ్ ఈ రోజు ఈ పని చేసింది సార్" అని ఫోటోతో పంపు. ఆయన ఫోన్‌లో గొంతు మారుతుంది, నాకు తెలుసు.

ఇద్దరూ ఓకే అని షీట్లు తీసే పని మొదలైతే, నువ్వు అక్కడే ఉండు. అంతా ఒకేసారి విప్పి తర్వాత జాకీలు పెడతామని గ్యాంగ్ అంటుంది, వాళ్లకు అదే సులువు. ఒప్పుకోవద్దు. ఒక వరస షీట్లు తీయడం, అక్కడ జాకీ బిగించడం, తర్వాతే పక్క వరస. జాకీ స్లాబ్‌కి తాకి గట్టిగా నిలబడాలి, అంతే. సుత్తితో కొట్టి స్లాబ్‌ని పైకి నెట్టేలా బిగించకూడదు, అలా చేస్తే పైభాగంలో పగుళ్లు వస్తాయి. విప్పేటప్పుడు జాకీ మర మామూలుగా తిరగాలి. ఏదైనా జాకీ బిగుసుకుపోయి ఇద్దరు లాగినా కదలకపోతే దాని మీద బరువు బాగా కూర్చుందని అర్థం. అక్కడ పని ఆపి ఇంజినీర్‌ని పిలువు. తీశాక స్లాబ్ అడుగున మధ్యలో సన్నగీత కనిపించినా, బాల్కనీ గోడను కలిసే చోట పైన గీత కనిపించినా అంతే. బాల్కనీ జాకీలు ఎప్పుడు తీసినా బయటి అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి. గోడ వైపు నుంచి తీసుకుంటూ బయటికి వెళ్తే దాని లెక్క తలకిందులవుతుంది.

బాల్కనీ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నీ వయసులో నేను తప్పు చేసింది అక్కడే. కరీంనగర్ దగ్గర ఒక సైట్‌లో చేరి ఏడు నెలలైంది. కాంట్రాక్టర్ వైపు ఒక సార్, ఓనర్ వైపు ఒక సార్. పొద్దున ఒకరు పోర్టికో జాకీలు ఉంచమన్నారు. మధ్యాహ్నం ఇంకొకరు తీయమన్నారు. నేను ఆలోచించిన తీరు ఏమిటంటే, చివరగా చెప్పిన వాళ్ల మాటే లెక్క. తీయించేశాను. రెండు రోజులకు పోర్టికో గోడను కలిసే చోట పైన ఒక గీత వచ్చింది. వేలి గోరు పట్టేంత గీత. ఇద్దరు సార్లూ వచ్చి చూశారు. తీయమన్న ఆయన "నేను షీట్లు తీయమన్నాను" అన్నారు. ఉంచమన్న ఆయన "నేను చెప్పాను కదా" అన్నారు. నా దగ్గర ఒక్క కాగితం లేదు. రెండు నెలల జీతం ఆపేశారు. జీతం పోయిన బాధ కంటే, ఆ గీత కింద నుంచి కూలీల పిల్లలు అటూ ఇటూ పరుగెత్తుతుంటే చూసిన భయం నాకు ఇప్పటికీ పోలేదు. ఆ ఆయన నిజంగానే షీట్లు అన్నారేమో, నేను జాకీలని విన్నానేమో. రాసి ఉంటే తెలిసేది.

నీ ఉత్తరంలో లేని ఇంకో విషయం చెప్పాలి, ఎందుకంటే మీ సార్లిద్దరూ దీని మీద మాట్లాడుకోకపోతే అసలు ప్రమాదం అక్కడుంది. రెండో స్లాబ్ కింద జాకీలన్నీ తీసేశాక, దాని మీదే మూడో స్లాబ్ సెంట్రింగ్ నిలబడుతుంది. మూడోది పోసిన రోజు ఆ పచ్చి కాంక్రీట్ బరువంతా పై జాకీల గుండా రెండో స్లాబ్ మీదికే దిగుతుంది. 5 అంగుళాల స్లాబ్ అయితే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. సెంట్రింగ్, మనుషులు, వైబ్రేటర్ దానికి అదనం. ఇంటి స్లాబ్ డిజైన్‌లో మనుషులకూ సామానుకూ కలిపి లెక్కలో పెట్టుకునేది చదరపు మీటరుకు సుమారు 200 కిలోలే. అంటే ఇంకా పూర్తి బలం రాని స్లాబ్ మీద, అది జీవితాంతం మోయాల్సిన దానికంటే ఎక్కువ బరువు ఒక్క రోజులో పెడుతున్నాం. అందుకే 14 రోజులు నిండాయి కదా అని కింది జాకీలన్నీ తీసేసి మూడో స్లాబ్ పోయకూడదు. కింద ఎన్ని, ఎక్కడ ఉంచాలో కన్సల్టెంట్‌తో చెప్పించుకోవాలి. ఈ ప్రశ్న మీ సార్లిద్దరిలో ఎవరూ నీకు ఇచ్చిన ఆర్డర్‌లో లేదు. నువ్వే అడగాలి.

సరే, మెసేజ్ పెట్టావు, సాయంత్రం 5 దాటింది, గ్రూప్‌లో ఎవరూ మాట్లాడలేదు. మేనేజర్ మాత్రం విడిగా ఫోన్ చేసి "ఆయనతో నేను మాట్లాడుకుంటాలే, నువ్వు రేపు విప్పించేయ్" అన్నారనుకో. ఇలా జరిగే అవకాశం చాలా ఉంది. అప్పుడు "సరే సార్, గ్రూప్‌లో ఒక్క ముక్క పెట్టండి, పొద్దున మొదలుపెడతా" అను. పెట్టకపోతే నువ్వే పెట్టు: "మేనేజర్ సార్ ఇప్పుడు ఫోన్‌లో చెప్పినట్టు బెడ్‌రూముల షీట్లు తీస్తున్నాం, జాకీలు బిగిస్తున్నాం. హాల్, ముందు బీమ్ అలాగే ఉంటాయి." ఇందులో కోడ్ ఒప్పుకునేదీ, కన్సల్టెంట్ కాదననిదీ మాత్రమే ఉండాలి. హాల్ జాకీలు కూడా తీయమంటే, ముందు బీమ్ కింద చేయి పెట్టమంటే, అప్పుడు కుదరదని చెప్పాలి. మెత్తగానే చెప్పు: "సార్, మీరు చెప్పిన ఏ పనైనా చేస్తాను. ఇది మాత్రం కన్సల్టెంట్ కాగితం లేకుండా నా చేత్తో చేయించలేను, కింద మనుషులు పనిచేస్తున్నారు." ఆయన అరుస్తారు. ఉద్యోగం పోతుందని బెదిరించవచ్చు. పోదని నీకు మాట ఇవ్వలేను. అప్పుడు ఇద్దరికీ పైన ఉన్న మనిషి దగ్గరికి, అంటే మీ కంపెనీ పెద్దాయన దగ్గరికి వెళ్లు. గ్రూప్ మెసేజ్ చూపించి "నాకు తారీఖు ఒకటే కావాలి సార్" అని మాత్రం అడుగు. దానికి ముందు మేనేజర్‌కి "సార్, ఇది పెద్ద సార్‌ని అడుగుతున్నా" అని చెప్పి వెళ్లు.

ఇదంతా కట్టడం బలం మీద ఆధారపడిన పనికి. సైట్‌లో వచ్చే అన్ని గొడవలకూ ఇంత చేయనక్కర్లేదు. టైల్స్ ముందు ఏ ఫ్లాట్‌లో వేయాలి, ఇసుక ఎక్కడ పోయించాలి లాంటి వాటిలో ఇద్దరూ రెండు చెప్తే, నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఎవరికి రిపోర్ట్ చేయాలని ఉందో ఆయన మాట చెయ్యి, రెండో ఆయనకు ఆ రోజే తెలియజెయ్యి. చాలు. ప్రతి దానికీ గ్రూప్‌లో పెడితే నిజంగా అవసరమైన రోజు ఎవరూ చదవరు.

మూడో స్లాబ్‌కి ఈ గొడవ రాకుండా ఉండాలంటే, స్లాబ్ పోయకముందే మాట్లాడుకోవాలి. పోసిన తర్వాత ఆర్డర్లు ఇచ్చేటప్పుడు ఇద్దరి మీదా ఒత్తిడి ఉంటుంది. పోయకముందు ఉండదు. స్టీల్ చెక్ చేయడానికి ఇంజినీర్ సార్ వచ్చిన రోజు, మేనేజర్‌ని కూడా పది నిమిషాలు పైకి రమ్మని పిలువు. చాలా కంపెనీల్లో పోర్ కార్డ్ అని ఒక కాగితం ఉంటుంది, స్లాబ్ పోయడానికి ముందు దాని మీద సంతకాలు తీసుకుంటారు. మీ దగ్గర లేకపోతే సైట్ రిజిస్టర్‌లో ఒక పేజీ చాలు. ఎడమ పక్క భాగాలు రాయి: బెడ్‌రూములు, హాల్, మామూలు బీమ్‌లు, ముందు బీమ్, బాల్కనీ. కుడి పక్క రెండు గడులు గీయి, షీట్లు తీసే తారీఖు ఒకటి, జాకీలు తీసే తారీఖు ఇంకొకటి. కింద అంతస్తులో ఉంచాల్సిన జాకీల సంఖ్యకి ఒక వరస. తారీఖులు నువ్వు నింపకు, వాళ్లిద్దరి చేత మాట్లాడించి నింపించు. ఇద్దరి సంతకాలు తీసుకో.

ఇద్దరినీ ఒక చోట నిలబెట్టడం అంత సులువు కాదని తెలుసు. మొదటిసారి "నాకు పనుంది, నువ్వు రాసుకో" అని మేనేజర్ వెళ్లిపోవచ్చు. అప్పుడు ఇంజినీర్ చెప్పిన తారీఖులు రాసి, ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టి, జాకీలు ఎన్ని కిరాయికి తేవాలో కింద రాయి. డబ్బు మాట వచ్చేసరికి ఆయన తప్పకుండా మాట్లాడతారు, ఆ సంభాషణ ఆ ఇద్దరి మధ్యే నడుస్తుంది.

ఆ తర్వాత పెయింట్ డబ్బా, బ్రష్ తీసుకుని ఒక్కో గది కాలమ్ మీద, కంటి ఎత్తులో, పోసిన తారీఖు, జాకీ తీసే తారీఖు పెద్ద అంకెల్లో రాయించు. ముందు బీమ్ కింది జాకీలకు ఎర్ర గుడ్డ కట్టించు, అది ఎందుకో గ్యాంగ్ అందరికీ చెప్పు. సెంట్రింగ్ మేస్త్రీకి చదువు రాకపోయినా అంకెలు వస్తాయి. ఎవరైనా ఫోన్ చేసి "విప్పేయ్" అంటే, ఆ కాలమ్ ముందు నిలబడి ఫోటో తీసి పంపించు.